పిన్ కోడ్ కరెక్టే, ఇల్లే అవతలి గట్టున పడింది

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లెటూరు. ఇల్లు పంట కాలువ పక్కనే. ఏడాది నుంచి ఒక కొరియర్ కంపెనీ కుర్రాళ్లు ఎప్పుడొచ్చినా కాలువకి అవతలి గట్టు మీద ఆగి ఫోన్ చేస్తున్నారు. "ఆయ్, మీ ఇంటి ముందే ఉన్నానండి" అంటారు. చూస్తే మధ్యలో కాలువ. వంతెన మీదుగా తిరిగి రావాలంటే 3 కిలోమీటర్లు. కొందరు రాకుండానే "కస్టమర్ లేరు" అని కొట్టేసి పార్సిల్ వెనక్కి పంపేస్తున్నారు. మిగతా కంపెనీల వాళ్లు బాగానే వస్తున్నారు. కస్టమర్ కేర్‌కి 4 సార్లు చేస్తే ప్రతిసారీ "మీ పిన్ కరెక్టుగానే ఉంది సార్" అన్నారు. గూగుల్ మ్యాప్స్‌లో మా ఇంటిని సరిచేశాను, అయినా ఏం మారలేదు. ఇప్పుడు ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఏం రాస్తే పని అవుతుంది?

జవాబు:

నేను ఒక కొరియర్ కంపెనీ హబ్‌లో కొన్నేళ్లు పని చేశాను, అదీ మన డెల్టాలోనే. మొదట బండి మీద తిరిగాను, తర్వాత హబ్‌లో కూర్చుని ఇలాంటి ఫిర్యాదులు చూశాను. మీ నాలుగు ఫోన్లూ ఎందుకు వృథా అయ్యాయో ముందు చెప్తాను. ఉత్తరంలో కూడా అదే పొరపాటు జరిగే అవకాశం ఉంది.

ఫోన్లో మీరు "పిన్ తప్పు" అని ఉంటారు. మీ ఉద్దేశం మ్యాప్‌లో ఉండే ఎర్ర గుర్తు. ఫోనెత్తిన అమ్మాయికి పిన్ అంటే 533తో మొదలయ్యే 6 అంకెల నంబరు. స్క్రీన్ మీద మీ పిన్ కోడ్ చూసింది, మీ ఊరి పేరుతో సరిపోయింది, కరెక్టే అంది. తన లెక్కలో తనది అబద్ధం కాదు. ఆ 6 అంకెలు పార్సిల్ ఏ హబ్‌కి రావాలో చెప్తాయి. ఒక్క పిన్ కోడ్ కింద మన వైపు నాలుగైదు ఊళ్లు ఉండటం మామూలే. హబ్ నుంచి బయల్దేరాక మీ గుమ్మం ఎక్కడో చెప్పేది అక్షాంశ రేఖాంశాల గుర్తు. అందుకని ఉత్తరంలో ఎక్కడా ఒట్టి "పిన్" అని రాయకండి. "మ్యాప్ లొకేషన్" అని రాయండి. పిన్ కోడ్ సరిగ్గానే ఉందని, దాన్ని మార్చొద్దని కూడా ఒక వాక్యం వేయండి.

రెండో సంగతి. గూగుల్ మ్యాప్స్‌లో మీరు సరిచేసింది గూగుల్ దగ్గర సరి అయింది, అంతే. కొరియర్ కంపెనీ తన దగ్గర విడిగా ఒక జాబితా పెట్టుకుంటుంది, ఈ చిరునామాకి ఈ గుర్తు అని. మీరు కొనే యాప్‌లో మీరు సేవ్ చేసుకున్న గుర్తు ఇంకొకటి. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్న రూలేం లేదు. మిగతా కంపెనీల కుర్రాళ్లు సరిగ్గా వస్తున్నారంటే మీ యాప్‌లోని గుర్తులో పెద్ద తప్పు లేనట్టే. తప్పు ఈ ఒక్క కంపెనీ జాబితాలోనో, వాళ్లు వాడే మ్యాప్‌లోనో ఉంది. ఒకవేళ ఏ కంపెనీ వాడైనా ఒకే యాప్ ఆర్డర్లకి మాత్రమే దారి తప్పుతుంటే, ఆ యాప్‌లో పాత చిరునామా చెరిపేసి కొత్తగా పెట్టుకుంటే సరిపోయేది, ఉత్తరం అక్కర్లేదు.

ఉత్తరం రాసేముందు తప్పు ఏ రకమో తేల్చుకోండి. కుర్రాళ్లు ఆగే చోటే ఆ మాట చెప్తుంది. పంచాయతీ ఆఫీసు దగ్గరో ఊరి మధ్యలోనో ఆగుతుంటే, మీ ఇల్లు దొరక్క సిస్టమ్ ఊరి నడిబొడ్డున గుర్తు పెట్టేసిందన్నమాట. సెంటర్లో టీ కొట్టు దగ్గర ఆగుతుంటే, ఎవరో కుర్రాడు అక్కడ నిలబడి పార్సిళ్లన్నీ వరసగా "డెలివర్డ్" నొక్కేశాడు, సిస్టమ్ దాన్నే మీ ఇల్లనుకుంది. ఒక్కొక్కరు ఒక్కోచోట ఆగుతుంటే తప్పు గుర్తుది కాకపోవచ్చు, రాసిన చిరునామాదే గందరగోళం కావచ్చు. మీ వాళ్లు మాత్రం ప్రతిసారీ ఒకే చోట, అదీ ఇంటికి ఎదురుగా కాలువ అవతల ఆగుతున్నారు. ఇది నాలుగో రకం, మన కాలువల ఊళ్లలో తరచూ తగిలేది. ఇక్కడ గుర్తు ఇంటి మీదే ఉంటుంది, దారి మాత్రం అవతలికి పోతుంది.

ఎలాగంటే, దారి చూపించే ఏ యాప్ అయినా మీ గుర్తుకి దగ్గరగా ఉన్న రోడ్డేదో వెతికి బండిని అక్కడిదాకా తెస్తుంది. ఆ దగ్గర అన్నది గీత గీసి కొలిచిన దూరం. మధ్యలో నీళ్లున్నాయా, గోడ ఉందా అన్నది చాలాసార్లు చూడదు.

మా హబ్ పరిధిలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు ఇలాగే ఉండేది. కాలువ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. పడమటి గట్టు మీద తారు రోడ్డు. తూర్పు గట్టున మాస్టారి పెరడు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత గేటు. గేటు ముందు ఒకప్పటి పుంత, ఈమధ్యే సిమెంటు వేశారు. డాబా నడిమధ్య నుంచి అవతలి తారు రోడ్డుకి 32 మీటర్లు, ఇవతలి సిమెంటు రోడ్డుకి 45 మీటర్లు. మాస్టారు ఎంతో జాగ్రత్తగా శాటిలైట్ ఫొటో చూసి డాబా నడిమధ్యన గుర్తు పెట్టారు. అదే కొంప ముంచింది. 32 కంటే 45 ఎక్కువ కాబట్టి బండి ప్రతిసారీ తారు రోడ్డెక్కి కాలువ అవతల ఆగేది. గుర్తు పెట్టడంలో మాస్టారు గజం కూడా తప్పలేదు.

మీ ఇంటిదీ ఇదేనా అని చూసుకోవడం తేలిక. వేరే ఊళ్లో ఉన్న మీ బంధువులెవరికైనా ఆ గుర్తు వాట్సాప్‌లో పంపి, వాళ్ల ఇంటి నుంచి మీ ఇంటికి దారి పెట్టి స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. మీ ఇంట్లో కూర్చుని మీరే పెడితే తెలియదు. గూగుల్ మ్యాప్స్‌లో రోడ్డు అయిపోయిన చోటు నుంచి గుర్తు దాకా చుక్కల గీత వస్తుంది. ఆ చుక్కలు కాలువని దాటుతున్నాయంటే రోగం ఇదే. కొరియర్ కంపెనీ వాడేది వేరే మ్యాప్ కావచ్చు, అందుకని ఈసారి వచ్చే కుర్రాడిని మర్యాదగా అడిగి అతని యాప్‌లో కనిపించే గుర్తుని కూడా చూడండి. ఒక్క నిమిషం పని, చాలామంది చూపిస్తారు. ఉత్తరానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

దీనికి మందు గుర్తుని డాబా మీద నుంచి తీసి గేటు దగ్గర పెట్టడం. మాస్టారి గేటు సిమెంటు రోడ్డుకి 3 మీటర్లు, అవతలి తారు రోడ్డుకి 74 మీటర్లు. ఇక యాప్‌కి అనుమానం ఉండదు. గేటు బయటికొచ్చి, కొబ్బరి చెట్ల కింద కాకుండా ఆకాశం కనిపించే చోట ఫోన్ పట్టుకుని, నీలి చుక్క చుట్టూ ఉండే వలయం చిన్నదయ్యేదాకా ఆగండి. తర్వాత శాటిలైట్ ఫొటోలో గేటు ముందు రోడ్డు అంచు మీద వేలు నొక్కి పట్టుకుంటే అంకెలు వస్తాయి.

ఆ అంకెలు రాయడంలో ఒక పేచీ ఉంది. మాస్టారి గేటు అంకెలు ఇలా ఉన్నాయనుకోండి (అసలు అంకెలు కావు, లెక్క కోసం వేసినవి):

```
గేటు:           16.57146, 81.97448
డాబా మధ్య:      16.57146, 81.97409
కుదించి రాస్తే:   16.571, 81.974
```

చుక్క తర్వాత మూడో అంకె ఒకటి మారితే మన ప్రాంతంలో 100 మీటర్ల పైచిలుకు మారినట్టు. నాలుగో అంకె సుమారు 11 మీటర్లు. అయిదోది ఒక మీటరు. మీ కాలువ వెడల్పు ఎంత? 15, 20 మీటర్లు ఉంటుందేమో. అంటే ఏ గట్టు అన్నది తేల్చేది నాలుగో, అయిదో అంకెలు. మాస్టారి మొదటి ఉత్తరంలో టైపు చేసిన కుర్రాడు ఎందుకొచ్చిన గొడవని మూడు అంకెలతో ఆపేశాడు. 81.97448 కాస్తా 81.974 అయింది. గుర్తు 51 మీటర్లు పడమటికి, దాదాపు అంతే దక్షిణానికి జరిగి కాలువ దగ్గరికి పోయింది, బండి మళ్లీ అవతలి గట్టు మీదే ఆగింది. మాస్టారు మా హబ్‌కి వచ్చి ఆ రోజు అన్న మాటలు ఇక్కడ రాయను. అయిదు అంకెలు ఉండాలి, ముందు 16తో మొదలయ్యేది, తర్వాత 81తోనో 82తోనో మొదలయ్యేది. తిరగేసి రాస్తే గుర్తు ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో పడుతుంది.

2025లో తపాలా శాఖ డిజిపిన్ అని 10 అక్షరాల కోడు తెచ్చింది, సుమారు 4 మీటర్ల గడి ఒక్కోదానికి ఒక్కో కోడు. అది కూడా ఉత్తరంలో వేయొచ్చు, తప్పు లేదు. కానీ ప్రైవేటు కొరియర్ సిస్టమ్ దాన్ని చదువుతుందని నమ్ముకుని అంకెలు మానేయకండి.

ఇంకో చిక్కు ఉంది. మీ గేటు ముందు దారి కంపెనీ మ్యాప్‌లో అసలు గీసి ఉందా? పుంతలకి సిమెంటు పడ్డాక కూడా కొన్ని మ్యాపుల్లో ఏళ్ల తరబడి కనిపించవు. దారే లేకపోతే గుర్తు గేటు దగ్గర పెట్టినా ఉపయోగం లేదు, యాప్‌కి తెలిసిన దగ్గరి రోడ్డు మళ్లీ అవతలిదే. అప్పుడు మీ గట్టు వైపు మ్యాప్‌లో కనిపించే ఆఖరి చోటు చూడండి. వంతెన దిగిన చోటో, రామాలయమో ఏదైనా సరే. గుర్తు అక్కడ పెట్టమని అడిగి, అక్కడి నుంచి ఇంటికి దారి మాటల్లో రాయండి. ఇంటికి 400 మీటర్ల దూరంలో, కానీ సరైన గట్టున ఉన్న గుర్తు, ఇంటి మీదే ఉండి అవతలికి తీసుకుపోయే గుర్తు కంటే నయం. ఏటి అవతలి లంకల్లో ఉండేవాళ్లకి మేం ఇదే చెప్పేవాళ్లం, గుర్తు ఇవతలి రేవు దగ్గర పెట్టుకోమని. పంటు ఎక్కి వచ్చే కుర్రాడు ఎవరూ లేరు, ఉన్నమాట చెప్పుకోవాలి.

ఇక ఉత్తరం. కంపెనీలో దాన్ని చదివే మనిషి ముందు ఏ రకం ఫిర్యాదో చూసి ఒక డబ్బాలో వేస్తాడు. "నా పార్సిల్ రాలేదు" అన్న ఛాయ కనిపిస్తే అది ఆలస్యం డబ్బాలోకి పోతుంది. మా దగ్గర అలాంటి ఫిర్యాదు ఆ పార్సిల్ నంబరుకి ముడిపడి ఉండేది. పార్సిల్ చేరగానే, లేదా వెనక్కి పోగానే, ఫిర్యాదు దానంతటదే మూసుకుపోయేది. మీ నాలుగు ఫోన్లూ అలాగే మూసుకుపోయి ఉంటాయి. అందుకని పార్సిల్ ఏదీ దారిలో లేనప్పుడు రాయండి. ఇది ఆలస్యం గురించి కాదని విషయం దగ్గరే తేల్చి చెప్పండి. కుర్రాళ్ల మీద ఫిర్యాదు కలపకండి. కలిపితే ఉత్తరం ఇంకో డబ్బాలో పడుతుంది, ఎవరో కుర్రాడికి చివాట్లు పడతాయి, గుర్తు మాత్రం అక్కడే ఉంటుంది. పార్సిల్‌కి ఇంత అని పని చేసేవాడికి 3 కిలోమీటర్లు ఊరికే తిరగడం అంటే పెట్రోలు వాడి జేబులోంచే. "కస్టమర్ లేరు" అని కొట్టడం తప్పే, కానీ గుర్తు సరి అయితే ఆ తప్పుకి అవకాశమే తగ్గుతుంది.

నేనైతే ఇలా రాస్తాను. చుక్కలున్న చోట మీవి నింపుకోండి, దిక్కులు, దారి గుర్తులు కూడా మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

విషయం: మా చిరునామాకు మీ సిస్టమ్‌లో ఉన్న మ్యాప్ లొకేషన్ మార్చవలసిందిగా అభ్యర్థన. ఇది ఏ ఒక్క పార్సిల్ ఆలస్యంపైనా ఫిర్యాదు కాదు.

అయ్యా,

నా పేరు ……, ఫోన్ నంబరు ……. మా చిరునామా: డోర్ నంబరు ……, …… గ్రామం, …… మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, పిన్ కోడ్ ……. పిన్ కోడ్ సరిగ్గానే ఉంది, దాన్ని మార్చనవసరం లేదు.

మీ సిస్టమ్‌లో ఈ చిరునామాకు ఉన్న మ్యాప్ లొకేషన్ మీ డెలివరీ సిబ్బందిని మా ఇంటి పక్కనున్న కాలువకు పడమటి గట్టు మీది తారు రోడ్డుకు తీసుకువెళుతోంది. మా ఇల్లు, గేటు తూర్పు గట్టున ఉన్నాయి. ఆ చోట కాలువ దాటడానికి దారి లేదు. దగ్గరి వంతెన మీదుగా మా గేటుకు రావడానికి 3 కిలోమీటర్లు.

దీనివల్ల ఇబ్బంది కలిగిన పార్సిళ్లు: నంబరు ……, తేదీ ……, మీరు నమోదు చేసిన కారణం "……". నంబరు ……, తేదీ ……, కారణం "……". నంబరు ……, తేదీ ……, కారణం "……". ఆ మూడు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను. సిబ్బంది అవతలి గట్టు నుంచి నాకు ఫోన్ చేశారు.

నా అభ్యర్థన: ఈ చిరునామాకు, ఈ ఫోన్ నంబరుకు మీ దగ్గరున్న పాత లొకేషన్ తొలగించి, మా గేటు లొకేషన్ 16.…… , 81.…… (చుక్క తర్వాత 5 అంకెలు) నమోదు చేయండి. ఇల్లు కాకుండా గేటునే తీసుకోవాలి. ఇంటి పైకప్పు మీద గుర్తు పెడితే దారి మళ్లీ అవతలి గట్టుకే పోతుంది.

దారి: …… సెంటర్ నుంచి …… వైపు వస్తూ, లాకుల దగ్గర వంతెన దాటాలి. వంతెన దాటగానే కాలువ వెంట కాకుండా రామాలయం పక్క సిమెంటు రోడ్డులో రావాలి. వాటర్ ట్యాంకు తర్వాత మూడో గేటు, ఆకుపచ్చ రంగు.

జతచేసినవి: తప్పు చోటు, మా గేటు, వంతెన మూడూ కనిపించే మ్యాప్ చిత్రం ఒకటి. గేటు ఫొటో ఒకటి.

మార్పు చేశాక కొత్తగా నమోదైన అంకెలను నాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు, ……

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇందులో కొన్ని మాటలు ఎందుకున్నాయో చెప్తాను. "ఈ ఫోన్ నంబరుకు" అన్నది కావాలనే పెట్టాను. ఒకే ఇంటి చిరునామా ఒక్కో ఆర్డర్‌లో ఒక్కోలా రాసి ఉంటుంది, "గట్టు మీద" అని ఒకసారి, "కాలువ గట్టు" అని ఒకసారి, ఇంగ్లీషు స్పెల్లింగులు ఇంకో నాలుగు. సిస్టమ్‌కి అవన్నీ వేర్వేరు ఇళ్లు కావచ్చు. ఒక దానికి మార్చి మిగతా మూడూ వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ మొదలు. ఫోన్ నంబరుతో వెతికితే అన్నీ ఒకచోట దొరుకుతాయి. ఊళ్లో సత్తిబాబులు నలుగురుంటారు కాబట్టి పేరుతో వెతకడం దండగ.

"నమోదైన అంకెలను తెలియజేయండి" అన్నది అన్నిటికన్నా ముఖ్యం. "అప్‌డేట్ చేశాం" అన్న జవాబుకి విలువ లేదు. అంకెలు వెనక్కి పంపితే మీరే మ్యాప్‌లో వేసి చూసుకోవచ్చు, కుదించారో తిరగేశారో అప్పుడే తెలిసిపోతుంది.

జిల్లా పేరు కొత్తదే రాయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, కానీ మనలో చాలామంది యాప్‌లలో ఇంకా తూర్పు గోదావరి అనే ఉంది. పిన్ కోడ్ కుదిరితే పార్సిల్ ఎలాగూ వస్తుంది, కాకపోతే మన వైపు కొత్తపేటలు, లంకలు, పాలేలు ఒకే పేరుతో చాలా ఉన్నాయి. పాత జిల్లా పేరు పెట్టి ఇంకో అనుమానానికి తావివ్వడం దేనికి?

దారి రాసేటప్పుడు "ఎడమ వైపు, కుడి వైపు" అని వీలైనంత తగ్గించండి. ఎటు నుంచి వస్తే ఎడమ అన్నది వచ్చేవాడికి తెలియదు. ఇరిగేషన్ వాళ్లకి ఎడమ గట్టంటే నీరు పారే దిశని బట్టి, కుర్రాడికి బండి ముఖాన్ని బట్టి. "వంతెన దాటాక" అంటే ఇద్దరికీ ఒకటే. గుర్తులు కూడా కదలనివి చూసుకోండి. లాకులు, గుడి, వాటర్ ట్యాంకు ఎక్కడికీ పోవు. రైసు మిల్లు వెనక అని రాసినవాళ్ల మిల్లు మూతపడి, షెడ్డు పీకేశాక కూడా అదే చిరునామా నడుస్తుండేది.

ఎక్కడికి పంపాలి? రెండు ప్రతులు. ఒకటి కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల అధికారి కింద ఇచ్చిన ఈమెయిల్‌కి, అది ఇంగ్లీషులో ఉంటే మంచిది, చదివేవాళ్లు ఏ బెంగళూరులోనో ఉంటారు. రెండోది తెలుగులో, మీ హబ్ ఇన్‌ఛార్జి గారికి స్వయంగా చేతికి. హబ్ వాళ్లకి గుర్తు మార్చే అధికారం అన్నిచోట్లా ఉండదు. కానీ మీ ఊరి రూటు ఏ కుర్రాడిదో వాళ్లకి తెలుసు, పై ఆఫీసు నుంచి ఫోనొస్తే "అవును, ఆ ఇల్లు ఇవతలి గట్టుదే" అని చెప్పేది వాళ్లే. ఆ ఒక్క మాటతో కదిలిన ఫైళ్లు చూశాను. మీ ప్రతి మీద హబ్ ముద్ర, తేదీ వేయించుకోండి.

రెండు వారాల్లో ఏమీ రాకపోతే, మీరు కొన్న యాప్ వాళ్ల ఫిర్యాదుల అధికారికి అదే ఉత్తరం పంపండి. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్లు 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. డబ్బులు కట్టింది వాళ్లకి, కొరియర్‌ని పెట్టుకున్నది వాళ్లు. వాళ్లు అడిగితే కొరియర్ కంపెనీ పలికే తీరే వేరు. అదీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల కమిషన్‌ దాకా వెళ్లాలంటే మాత్రం నాకు తొందర అనిపిస్తుంది. గుర్తు తప్పు ఉన్నందుకు కాదు, వెనక్కి పోయిన పార్సిల్‌తో మీకు డబ్బు నష్టం జరిగితే అప్పుడు ఆలోచించండి.

గుర్తు మారిందన్న జవాబు వచ్చాక ఒక చిన్న ఆర్డర్ పెట్టి చూడండి, వందో నూటయాభయ్యో పెట్టి. ఇక్కడే మీ వైపు నుంచి ఒక జాగ్రత్త కావాలి. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు మీరు "ఉండు బాబూ, నేనే వస్తున్నా" అని బండేసుకుని అవతలి గట్టుకి వెళ్లి తెచ్చుకున్నారు? మంచితనమే. కానీ కుర్రాడు "డెలివర్డ్" నొక్కేటప్పుడు అతని ఫోన్ ఎక్కడుందో అదీ నమోదవుతుంది. కొన్ని కంపెనీల సిస్టమ్‌లు ఇలాంటివి పది పోగుపడితే ఇల్లు అక్కడేనని తేల్చేసుకుంటాయి. మాస్టారి ఇంటికి రెండోసారి గుర్తు సరిచేశాక కూడా రెండు నెలలకి మెల్లగా పడమటికి జరగడం మొదలైంది. చూస్తే ఆయన మనవడు రోజూ వెళ్లి కాలువ అవతలే పార్సిల్ అందుకుంటున్నాడు. అందుకని ఉత్తరం తర్వాత కనీసం మొదటి నాలుగైదు పార్సిళ్లయినా గేటు దగ్గరే తీసుకోండి, నొక్కడం కూడా గేటు దగ్గరే నొక్కమనండి. ఓటీపీ అడిగితే కుర్రాడు గేటు దగ్గరికి వచ్చాకే చెప్పండి. ముందే ఫోన్లో చెప్పేస్తే వాడు ఎక్కడున్నాడో అక్కడే నొక్కేస్తాడు.

ఈ పరీక్షని వేసవిలో పెట్టుకోకండి. కాలువలు కట్టేశాక అడుగున నీళ్లుండవు. కుర్రాళ్లు బండి తారు రోడ్డు మీదే ఆపి, పార్సిల్ చంకన పెట్టుకుని కాలువలో దిగి నడిచి మీ పెరటి వైపు నుంచి వచ్చేస్తారు. మీకు అంతా బాగుపడినట్టు కనిపిస్తుంది. నీళ్లు వదిలాకే పెట్టండి ఆర్డరు.